కదిలినట్టే కదిలి ఆగిపోయే మొత్తం

హాస్టళ్లకు టిఫిన్లు చేరవేసే ఓ చిన్న వ్యాపారానికి ఎక్సెల్‌లో మోడల్ కట్టారనుకోండి. B1 గడిలో ప్లేటు ధర 60 రూపాయలు. నాలుగో వరసలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆర్డర్లు: 1000, 1100, 1200, 1300, 1500, 1600. ఐదో వరసలో ఆదాయం. ఏప్రిల్ గడిలో ఉన్న ఫార్ములానే మిగతా నెలలకూ లాగారు:

```
=C4*$B$1
```

మొత్తం 4,62,000. బాగానే ఉంది. మరి ధర 50కి తగ్గిస్తే? మోడల్ 4,00,000 అంటుంది. ఖర్చులు 3,90,000 అయితే పదివేలు మిగిలినట్టే! కానీ 7,700 ప్లేట్లను 50తో గుణిస్తే వచ్చేది 3,85,000. అంటే నిజానికి ఐదువేలు నష్టం.

దొంగ ఆగస్టు గడిలో, అంటే G5లో ఉన్నాడు. అక్కడ ఫార్ములా లేదు, ఎవరో 90000 అని టైపు చేసేశారు. ధర 60 ఉన్నప్పుడు ఫార్ములా ఇచ్చేదీ అంతే కాబట్టి ఆ రోజు ఎవరికీ తేడా తెలియలేదు. పైగా ధర మార్చినప్పుడు మొత్తం అసలు కదలకపోతే అనుమానం వచ్చేది. ఇది కదిలింది, కాకపోతే సరిపడా కదల్లేదు. అదే చిక్కు.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ఫైలుకి ఒక కాపీ తీసుకుని, అందులో ధరని సున్నా చేయండి. అమ్మకాల ఆదాయం మొత్తం సున్నా కావాలి. ఇక్కడ 90,000 మిగులుతుంది, ఏ నెలలో మిగిలిందో కూడా ఎదురుగానే కనిపిస్తుంది. ఫార్ములా చివర ఎవరైనా గుట్టుగా +5000 తగిలించినా ఆ ఐదువేలు బయటపడతాయి.

అయితే `=1500*$B$1` అని రాస్తే మాత్రం ఈ పరీక్షకి చిక్కదు, ఎందుకంటే ధర సున్నా అయితే అదీ సున్నాయే. దానికి C5 నుంచి H5 దాకా ఎంచుకుని Ctrl+\ నొక్కండి. మొదటి గడి ఫార్ములాతో పొందిక లేని గడులే ఎంపికై నిలుస్తాయి. వరస మొత్తాన్నీ విలువలుగా పేస్ట్ చేసి ఉంటే ఫార్ములాలే ఉండవు, అప్పుడిది అక్కరకు రాదు. అలాంటప్పుడు F5 నొక్కి Special, Constants ఎంచుకుంటే టైపు చేసిన అంకెలున్న గడులు దొరుకుతాయి.

దొరికిన ప్రతి అంకె మీదా వెంటనే ఫార్ములా లాగేయకండి. అది ఆగస్టులో నిజంగా వచ్చిన ఆదాయం కావచ్చు, పెట్టినవాళ్లని అడగండి. నిజమే అయితే ఆ అంకెకి ఆరో వరసలో వేరే చోటిచ్చి, ఐదో వరస పొడుగునా ఒకటే ఫార్ములా ఉంచండి:

```
=IF(C6="",C4*$B$1,C6)
```

ఆరో వరసకి నీలం రంగు వేస్తే మంచిది. టైపు చేసిన అంకెలు నీలం, ఫార్ములాలు నలుపు అన్నది ఫైనాన్స్ వాళ్లలో చాలామంది పాటించే అలవాటు. ఆగస్టు అంకె లెక్కలోనే ఉంటుంది, ఫార్ములా కాదని అందరికీ కనిపిస్తూనూ ఉంటుంది.