ఖాళీ మసీదులోనూ బాంగు ఎందుకు?

కడపలో ఒక పాత మసీదు. మే నెల మధ్యాహ్నం, జుహర్ నమాజు వేళ. ఎండకు వీధిలో మనిషి జాడ లేదు, వజూ చేసుకునే కుళాయిల దగ్గరా ఎవరూ లేరు. అయినా ముసలి మౌజన్ కిబ్లా వైపు తిరిగి నిలబడి, చూపుడువేళ్లు చెవుల్లో పెట్టుకుని గొంతెత్తి బాంగు ఇచ్చాడు. అయిపోగానే పక్కింటి పిల్లవాడు గుమ్మం దగ్గర నుంచి అడిగాడు.

"తాతా, ఎవరూ లేరు కదా. అంత గట్టిగా ఎందుకు పాడినావు?"

"పాట కాదు నాయనా, పిలుపు ఇది. దీనికి తాళం లేదు, వాద్యం లేదు. రాగం తీసేది మాట దూరం పోవడానికే" అంటూ ఆయన చాప మీద కూర్చుని మదీనా సంగతి ఎత్తుకున్నాడు.

ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వచ్చింది 622లో. అక్కడ మొదట్లో నమాజుకు పిలుపంటూ లేదు. జనం వేళ అంచనా వేసుకుని వచ్చేవాళ్లు. గంట కొడదామని ఒకరు, కొమ్ము ఊదుదామని ఇంకొకరు అన్నారు. అంతలో అబ్దుల్లా బిన్ జైద్ అనే ఆయనకు కల వచ్చింది. కలలో ఒక మనిషి చేతిలో మోగించే సాధనంతో కనిపించాడు. నమాజుకు పిలవడానికి దాన్ని అమ్మమని అడిగితే, అంతకన్నా మేలైనది చెబుతానని బాంగు మాటలు నేర్పాడు. తెల్లారి ఆ సంగతి విన్న ప్రవక్త, ఆ మాటలు బిలాల్‌కు చెప్పు, అతని గొంతు నీకంటే దూరం వినబడుతుంది అన్నారు.

"చూసినావా? కల కన్నది ఒకరు, పిలిచింది ఇంకొకరు" అన్నాడు తాత. ఒకప్పుడు మక్కాలో బానిసగా నానా హింసలు పడిన బిలాల్ అలా మొదటి మౌజన్ అయ్యాడు. వేకువ బాంగుకు ఆయన మసీదు దగ్గర్లో అన్నిటికన్నా ఎత్తైన ఇంటి కప్పు ఎక్కేవాడు.

ఇప్పుడు బాంగు ఇచ్చే తీరు చూస్తే, మైకు లేని కాలం అందులో ఇంకా కనిపిస్తుంది. నమాజుకు రండి అనే మాట దగ్గర ముఖం కుడివైపుకు, సాఫల్యానికి రండి అనే మాట దగ్గర ఎడమవైపుకు తిప్పుతారు. ఒక్కో మాటను సాగదీసి పలికి, మధ్యలో కాస్త ఆగుతారు. ఆ ఆగడం ఊపిరి కోసమే అనుకున్నాడు పిల్లవాడు. కాదు. విన్నవాళ్లు ఆ మాటనే మెల్లగా తిరిగి అనుకోవాలి, అందుకు వ్యవధి కావాలి. ఇంట్లో రొట్టెలు కాల్చే ఆడమనిషీ, మంచం పట్టిన ముసలాయనా ఉన్నచోటు నుంచే అలా బదులిస్తారు. వినబడకపోతే వాళ్లు బదులు పలికేదెట్లా? అదే జనం లోపలికి వచ్చి వరుసల్లో నిలబడ్డాక చెప్పే ఇఖామత్‌లో దాదాపు ఇవే మాటలు గబగబా సాగిపోతాయి.

సాగదీయడానికీ హద్దుంది. 'అల్లాహు'లో 'ల్లా'ను చాలాసేపు నిలపవచ్చు. కానీ మొదటి 'అ'ను 'ఆ' చేస్తే ప్రకటన కాస్తా ప్రశ్న అవుతుంది. 'అక్బర్'ను 'అక్బార్' అంటే గొప్పవాడు అనే అర్థమే పోతుంది. గొంతు ఎంత తీయనిదైనా ఈ తప్పు చేసేవాణ్ణి పెద్దలు ఆపి దిద్దుతారు.

"సరే తాతా, ఎవరూ లేనప్పుడు?" పిల్లవాడు పట్టు వదల్లేదు.

దానికి తాత ఒక హదీసు చెప్పాడు. ప్రవక్త సహచరుడు అబూ సయీద్ అల్ ఖుద్రీ, గొర్రెలన్నా ఎడారన్నా ఇష్టపడే ఒక మనిషికి చెప్పిన మాట అది. నువ్వు గొర్రెలతో ఎడారిలో ఉన్నా నమాజుకు గొంతెత్తి పిలువు, ఆ గొంతు అందినంత మేర విన్న జిన్ను, మనిషి, మరేదైనా సరే ప్రళయదినాన నీ తరఫున సాక్ష్యమిస్తుంది అని. ఈ నమ్మకం ప్రకారం బాంగుకు శ్రోతలు లేని చోటే లేదు. మసీదు నిండిందా లేదా అన్నదాన్ని బట్టి గొంతు తగ్గదు.

2020 లాక్‌డౌన్‌లో ఈ పిల్లవాడి ప్రశ్నే కోర్టు దాకా వెళ్లింది. జనం గుమిగూడకుండా మసీదులు ఖాళీ చేయించినప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో బాంగునూ ఆపించారు. ఆ ఏడాది మే 15న అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. బాంగు ఇస్లాంలో విడదీయరాని భాగం, లౌడ్‌స్పీకర్ మాత్రం కాదు. మైకుకు చట్టప్రకారం అనుమతి కావాలి, మౌజన్ మినారు మీద నుంచి తన సొంత గొంతుతో పిలిస్తే అధికారులు అడ్డుకోకూడదు అని.