షార్ట్ వీడియోలో సబ్‌టైటిళ్లు సరిదిద్దడం

మాటను విని సబ్‌టైటిళ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్, శబ్దం స్పష్టంగా తెలియనప్పుడు తనకు అలవాటైన మాటల వైపే మొగ్గుతుంది. అందుకే మామూలు వాక్యాలు చాలావరకు బాగానే వస్తాయి, పేర్లు, మోతాదుల దగ్గర తేడా పడుతుంది. పైగా ఆ తప్పు చాలాసార్లు చక్కని తెలుగు మాటలాగే ఉంటుంది. కళ్లతో చదువుకుంటూ పోతే దొరకదు, వింటూ చూడాలి.

వరి విత్తనశుద్ధి మీద ఒక షార్ట్ ఉందనుకుందాం. "బీపీటీ 5204కి, మెట్ట నారుమడి అయితే, కిలో విత్తనానికి మూడు గ్రాముల కార్బెండజిమ్‌తో సీడ్ ట్రీట్‌మెంట్ చెయ్యాలి" అని రైతు చెబుతాడు. తెర మీద "బీపీటీ 52 04కి", "నూరు గ్రాముల కారు బెండ జిమ్‌తో", "సీత ట్రీట్‌మెంట్" అని పడవచ్చు. "సీత" చూసి ఎవరైనా తప్పని పట్టేస్తారు. "నూరు గ్రాములు" మాత్రం నిజమైన మోతాదులాగే కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే.

పేర్లను జ్ఞాపకం మీద ఆధారపడి దిద్దకూడదు. విత్తన సంచి మీద, మందు డబ్బా మీద అచ్చయిన పేరునే చూసి రాయాలి. ఒకచోట తప్పిన పేరు మిగతాచోట్ల మరో రూపంలో తప్పి ఉండవచ్చు కనుక, వెతికి ఒకేసారి మార్చినా ప్రతిచోటా మళ్లీ చూడాలి.

అంకెలున్న ప్రతి ముక్కనూ వేగం తగ్గించి వినాలి. ఇరవై, అరవై, మూడు, నూరు వంటి జంటలు గాలి హోరులో ఒకేలా వినిపిస్తాయి. విన్నాక కూడా సందేహం మిగిలితే చెప్పినవారినే అడగాలి. వక్తే తప్పు చెప్పి ఉంటే సబ్‌టైటిల్ ఒక్కటే మార్చడం సరికాదు. చెవికి ఒకటి, కంటికి మరొకటి అందుతాయి. ఆ ముక్క మళ్లీ రికార్డు చెయ్యాలి.

తెలుగులో కలిసిన ఇంగ్లిష్ మాటలను, రైతులు పలికినట్టే, తెలుగు లిపిలో ఒకే తీరుగా రాయడం మేలు. "ట్రీట్‌మెంట్‌కి" అన్నప్పుడు విభక్తి విడిపోయి "కి" ఒక్కటే కింది వరుసలో పడకుండా చూడాలి. అంకె, దాని కొలమానం కూడా ఒకే తెరలో ఉండాలి:

```
4
00:00:11,200 --> 00:00:14,000
కిలో విత్తనానికి 3 గ్రాముల
కార్బెండజిమ్‌
```

ఇలా విడి ఫైలుగా ఉన్న సబ్‌టైటిళ్లను ప్రచురించాక కూడా మార్చుకోవచ్చు. షార్ట్‌లలో సాధారణంగా అక్షరాలు వీడియోలోనే అచ్చయిపోతాయి. అప్పుడు తప్పు దొరికితే కొత్తగా ఎగుమతి చేసి, మళ్లీ ఎక్కించాల్సిందే. అందుకే చివరిసారి సరిచూసేది ఎడిటర్‌లో కాకుండా, ఎగుమతి చేసిన వీడియోను ఫోన్‌లో పెట్టుకుని, ఒకసారి శబ్దంతో, మరోసారి శబ్దం ఆపి చూడాలి. శబ్దం ఆపి చూసేటప్పుడు మోతాదు, మందు పేరు, విత్తన రకం ఈ మూడూ అక్షరాల ద్వారానే తప్పులేకుండా తెలిస్తే వీడియోను ప్రచురించవచ్చు.