ఎడిటర్ పేరు రిపోర్టులో ఎక్కడ, ఎలా?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నల్లగొండ జిల్లాలో ఒక మండలంలోని తాగునీటి బోర్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూసి, కలెక్టరేటుకు రిపోర్టు ఇవ్వాలని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ అనుకుంది. నలుగురు కుర్రాళ్లు ఊళ్లు తిరిగి నీళ్లు పట్టారు, ల్యాబుకు పంపారు, నలభై పేజీల రిపోర్టు రాశారు. ఇచ్చే ముందు, సైన్సు బోధించి రిటైరైన ఒక మాస్టారికి చూపించారు. ఆయన వారం రోజులు పెట్టుకుని దిద్ది ఇచ్చారు. ఆ దిద్దుబాటుకు రిపోర్టులో ఏమని రాయాలన్నది ఇక్కడి ప్రశ్న. చాలా రిపోర్టుల్లో ఈ పని "సహకరించిన అందరికీ ధన్యవాదాలు" అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది. అది రాసినవాళ్ల మంచి మనసుకు గుర్తే కావచ్చు. చదివేవాళ్లకు మాత్రం దానివల్ల ఏమీ తెలియదు.

ముందు మాస్టారు చేసిందేమిటో చూద్దాం. అక్షర దోషాలు, వాక్యాల పొడవు అందరూ ఊహించేవే. అసలు మేలు మార్జిన్లో ఆయన రాసిన ప్రశ్నల వల్ల జరిగింది.

మొదటి పేజీలో "30 శాతం బోర్లలో ఫ్లోరైడ్ పరిమితి దాటింది" అని ఉంది. దాని పక్కన ఆయన "శాతం దేని మీద?" అని రాశారు. కుర్రాళ్లు నోటు పుస్తకాలు తీశారు. చూడాలనుకున్న బోర్లు 60. సీసాలు కారిపోయి, కొన్నింటికి చీటీలు ఊడిపోయి 12 నమూనాలు ల్యాబుకు చేరలేదు. పరీక్ష జరిగింది 48కి. వాటిలో 18 పరిమితి దాటాయి. 18ని 60తో భాగిస్తే 30 శాతం, కానీ పరీక్షించినవి 48 కాబట్టి లెక్క 37.5 శాతం కావాలి. పరీక్షే చేయని 12 బోర్లు మొదటి లెక్కలో మంచి నీళ్ల ఖాతాలో పడిపోయాయి.

రెండో ప్రశ్న "ఏ పరిమితి?" అని. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్‌కు రెండు అంకెలున్నాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. రిపోర్టులో ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండోది వాడి, రెండింటినీ "పరిమితి" అనే అన్నారు. అధికారి ఎవరైనా ఈ మాట పట్టుకుంటే మిగతా రిపోర్టు మీద కూడా నమ్మకం పోతుంది.

మూడోది అమరికకు సంబంధించింది. ఏ ఊళ్లో ఏ బోరు ప్రమాదమో చెప్పే పట్టిక 31వ పేజీలో ఉంది. మాస్టారు దాన్ని సారాంశం వెంటనే పెట్టమన్నారు. కలెక్టరేటులో రిపోర్టు తెరిచేవాళ్లు మొదట వెతికేది దాన్నే కదా.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మాస్టారు లెక్క మార్చలేదు. నోటు పుస్తకం ఆయన దగ్గర లేదు, నీళ్లు పట్టింది ఆయన కాదు. ప్రశ్న ఆయనది, జవాబు వెతికి సరిచేసింది రాసినవాళ్లు. ఎడిటింగ్ సాయం ఎంతవరకో, రచన ఎక్కడ మొదలవుతుందో తేల్చే గీత ఇదే. కృతజ్ఞతల పేజీలో రాసే వాక్యం కూడా ఈ గీతను సరిగ్గా చూపించాలి.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ ఒకటుంది. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు సంపాదకులు కలుసుకోవడంతో మొదలైన ఈ కమిటీ, రచయిత అని ఎవరిని అనవచ్చో నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన ఆలోచనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. రాయడంలో గానీ, విషయాన్ని పట్టి లోతుగా సవరించడంలో గానీ పాలు ఉండాలి. చివరి రూపానికి ఒప్పుకోలు ఇచ్చి ఉండాలి. ఆ పనికి జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉంటేనే రచయిత. భాష దిద్దినవారికి, ప్రూఫులు చూసినవారికి, రాతలో సాయపడ్డవారికి ఈ నాలుగూ ఉండవు కాబట్టి వాళ్ల పేరు కృతజ్ఞతల్లో రావాలని ఆ కమిటీ చెబుతుంది. మన తాగునీటి రిపోర్టు వైద్య పత్రికకు వెళ్లేది కాదు. అయినా ఈ కొలత దానికీ సరిపోతుంది. మాస్టారి మీద గౌరవంతో ఆయన పేరును రచయితల వరుసలో చేర్చడం తగదు. రేపు ఎవరైనా ఫలానా బోరు నీళ్లు ఏ తేదీన పట్టారని అడిగితే ఆయన జవాబు చెప్పలేరు.

ఎడిటర్ పేరే లేకుండా దాచేయడం దీనికి ఎదురు తప్పు, పర్యవసానాలు దానికే ఎక్కువ. అమెరికాలో వైత్ అనే మందుల కంపెనీ మెనోపాజ్ దాటిన స్త్రీలకిచ్చే హార్మోన్ మందులు అమ్మేది. ఆ మందులపై వైద్య పత్రికల్లో వచ్చిన కొన్ని వ్యాసాలను, కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న డిజైన్‌రైట్ అనే సంస్థ తయారుచేసింది. పైన మాత్రం వైద్య నిపుణుల పేర్లున్నాయి. కోర్టు కేసుల్లో భాగంగా ఆ కాగితాలు 2009లో బయటపడ్డాయి. 1998 నుంచి 2005 వరకు అచ్చైన 26 వ్యాసాల సంగతి అప్పుడు పత్రికలకెక్కింది. ఆ మందుల వల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 2002లోనే ఒక పెద్ద పరిశోధన చూపింది. వ్యాసాన్ని ఎవరు రాసిపెట్టారో, డబ్బు ఎవరిదో తెలిసి ఉంటే చదివే డాక్టరు ఇంకాస్త జాగ్రత్తగా చదివేవాడు. మాస్టారి దిద్దుబాటుకూ దీనికీ పోలికే లేదు, నిజమే. కానీ బయటివాళ్లకు ఆ తేడా తెలిసే దారి రిపోర్టులో ఉన్న ఆ ఒక్క వాక్యమే.

ఆస్ట్రేలియాలో థీసిస్‌ల విషయంలో ఎడిటర్లూ విశ్వవిద్యాలయాలూ కలిసి రాసుకున్న మార్గదర్శకాలు ఈ సంగతి ముక్కుసూటిగా చెబుతాయి. థీసిస్‌కు ఎడిటర్ సాయం తీసుకుంటే ఎడిటర్ పేరు, చేసిన పని క్లుప్త వివరణ ముందు పేజీల్లో అచ్చు కావాలి. ఎడిటర్ చదివిన శాస్త్రమూ విద్యార్థి శాస్త్రమూ ఒకటే అయితే ఆ మాట కూడా చెప్పాలి. ఈ చివరి నిబంధన నాకు ఎంతో నచ్చింది. అదే శాస్త్రం తెలిసిన ఎడిటర్, భాషతోపాటు విషయాన్నీ సరిచేసే అవకాశం ఉంది. పరీక్షించేవాళ్లకు అది తెలియాలి. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఎడిటర్‌కు డబ్బు కట్టేముందే తమ విశ్వవిద్యాలయం ఎంత సాయాన్ని ఒప్పుకుంటుందో అడగాలి. మన దగ్గర పీహెచ్‌డీ విద్యార్థులు సీనియర్ థీసిస్‌లోని కృతజ్ఞతల పేజీని పేర్లు మార్చి దించేయడం ఉంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం కాపీ పరీక్షలో ఆ పేజీని లెక్కలోకి తీసుకోరు కాబట్టి సాఫ్ట్‌వేర్ పట్టుకోదు. మనస్ఫూర్తిగా చెప్పాల్సిన ఒక్క పేజీని కూడా దించుకోవడం బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు మన రిపోర్టు దగ్గరికి వద్దాం. కుర్రాళ్లు మొదట ఇలా రాశారనుకోండి: "మాస్టారు లేకపోతే ఈ నివేదికే లేదు." ప్రేమతో రాసిన మాటే, కానీ ప్రమాదకరం. చదివే అధికారికి రిపోర్టు అసలు రాసిందెవరన్న అనుమానం వస్తుంది. దానికి బదులు ఇలా రాస్తే సరిపోతుంది: "ఈ నివేదిక చిత్తుప్రతిని ఫలానా గారు భాష, అమరిక దృష్టితో ఎడిట్ చేశారు. పట్టికలకూ వాక్యాలకూ మధ్య ఉన్న తేడాలను ఎత్తిచూపారు. ఈ సాయానికి ఆయన ప్రతిఫలం తీసుకోలేదు. నమూనాల సేకరణ, లెక్కలు, నిర్ధారణలు మావి. మిగిలిన పొరపాట్లకు బాధ్యత మాదే." ఎవరు, ఏ పని, డబ్బు సంగతి, బాధ్యత ఎవరిది అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. డబ్బు ఇచ్చి ఉంటే ఎవరిచ్చారో కూడా రాయాలి. చివరి వాక్యాన్ని చాలామంది మర్యాద మాటగా భావిస్తారు. నిజానికి ముడి సమాచారం చూడని మనిషిని ఆ సమాచారానికి పూచీ నుంచి తప్పించేది ఆ వాక్యమే.

అచ్చుకు ముందు ఇంకొక పని ఉంది, అది అనుమతి. ఒకరి పేరు కృతజ్ఞతల్లో కనబడితే రిపోర్టులో చెప్పిందంతా ఆయన ఒప్పుకున్నట్టే జనం అనుకుంటారు. అందుకే పేరు వేసే ముందు రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోమని పైన చెప్పిన వైద్య సంపాదకుల కమిటీ సూచిస్తుంది. దీనికి పెద్ద పత్రం అక్కర్లేదు, వాట్సాప్‌లో నాలుగు మాటలు చాలు: "మాస్టారూ, మీరు అడిగిన శాతం ప్రశ్న వల్ల లెక్క 30 నుంచి 37.5కి మారింది. ఊళ్ల పట్టిక ముందుకు తెచ్చాం. మీ గురించి ఈ కింది వాక్యాలు వేద్దామనుకుంటున్నాం. మీ పేరు ఇలాగే ఉండాలా? అభ్యంతరం ఏమైనా ఉంటే చెప్పండి." ఆయన దీన్ని చదివి, "పేరు వేయండి బాబూ, మా స్కూలు పేరు మాత్రం వద్దు" అనవచ్చు. స్కూలుకు ఈ రిపోర్టుతో సంబంధం లేదు కాబట్టి ఆ కోరిక న్యాయమైనదే. గమనిస్తే, మంచి ధన్యవాదం కూడా ఈ సందేశంలోనే ఉంది. ఏ ప్రశ్న ఏం మార్చిందో చెబితే ఎడిటర్‌కు తన పని ఎక్కడ అక్కరకొచ్చిందో తెలుస్తుంది. వట్టి "చాలా థాంక్స్ మాస్టారూ"లో ఆ సంగతి ఉండదు.

అసలు పేరే వద్దంటే? పేరు తీసేయాలి, సాయం జరిగిన సంగతి మాత్రం తీసేయకూడదు. "చిత్తుప్రతిని సంస్థ బయటి వ్యక్తి ఒకరు భాష, అమరిక దృష్టితో ఎడిట్ చేశారు" అంటే ఆయన కోరికా నిలుస్తుంది, చదివేవాళ్లకూ నిజం తెలుస్తుంది.

అన్నింటికన్నా ఎక్కువగా చెడేది దీని తర్వాతి మెట్టు. ఎడిటర్ చేతినుంచి వచ్చాక కూడా రిపోర్టు మారుతూనే ఉంటుంది. చివరి రాత్రి ఒకరు కొత్త పేరా చేరుస్తారు, ఇంకొకరు పాత ఫైలులోంచి పట్టిక అతికిస్తారు, 30 శాతం మళ్లీ ఎక్కడో తిరిగి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఆ తప్పు పక్కన మాస్టారి పేరు కూడా ఉంటుంది. కాబట్టి ఎడిటర్ చూసిన ఫైలును మార్చకుండా విడిగా భద్రపరచాలి. చివరి ఫైలును దానితో పోల్చి చూస్తే ఆ తర్వాత ఏం మారిందో కనిపిస్తుంది. వర్డ్‌లో ఇందుకోసం రెండు ఫైళ్లను పోల్చే సదుపాయం ఉంది. మార్పులు పెద్దవైతే ఆ పేజీలను మళ్లీ ఎడిటర్‌కు పంపాలి. ఆయనకు వీలు కాకపోతే "ఎడిటింగ్ తర్వాత నాలుగో అధ్యాయంలో మార్పులు చేశాం" అని కృతజ్ఞతల్లోనే ఒక ముక్క చేర్చాలి.

ఇక పేజీలో చోటు గురించి. రిపోర్టులో కృతజ్ఞతలు సాధారణంగా విషయసూచిక దగ్గర, సారాంశానికి ముందు వస్తాయి. పత్రికా వ్యాసాల్లో చివర ఉంటాయి. నిధులిచ్చినవారు, అనుమతులిచ్చిన అధికారులు, ల్యాబు సిబ్బంది అంతా ఒకే పేరాలో కలిసిపోతే ఎడిటర్ పేరు ఎవరి కంటా పడదు. ఆయనకు వేరే వాక్యం పెట్టండి. రిపోర్టును రెండు భాషల్లో వేస్తే ఆ వాక్యం రెండింటిలోనూ ఉండాలి. ఏ ప్రతిని ఎడిట్ చేశారో అందులో చెప్పాలి. అనువాదాన్ని మాస్టారు చూడలేదు కదా.

మీ రిపోర్టును ఎవరైనా దిద్దుతున్నట్లయితే కృతజ్ఞతల పేజీని చివరి రాత్రికి వదిలేయకండి. దిద్దిన ప్రతి తిరిగి వచ్చిన రోజే, చేసిన పని ఇంకా స్పష్టంగా గుర్తుండగానే ఆ వాక్యం రాసి వారికి పంపి, పేరు ఎలా వేయమంటారో అడగండి.