పిల్లి మూసిన కన్ను నిద్రా? నొప్పా?

నరసాపురం: కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడడం లేదనుకుంటుందని లోకం నవ్వుకుంటుంది. పెంపుడు పిల్లికి ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రం ఆ సగం మూసిన కళ్లను చూసి మనుషులే పొరబడుతున్నారు. ధాన్యం గాదెల వద్ద ఎలుకల కోసం, ఇళ్లలో ముద్దు కోసం పిల్లులను పెంచుకునేవారు వాటికి నలతగా ఉంటే ముందుగా సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి పశువైద్యునికి పంపడం ఇప్పుడు అలవాటుగా మారింది. ‘హాయిగానే పడుకుంది, తిండి మాత్రం ముట్టడం లేదు’ అన్న మాట ఆ ఫోటో వెంట వస్తుంది. హాయిగా ఉన్నదో, నొప్పిని బిగబట్టి కూర్చున్నదో ఆ ఫోటోలోనే చాలావరకు తెలిసిపోతుంది. ఎక్కడ చూడాలో తెలియాలి.

కుక్క బాధపడితే మూలుగుతుంది, యజమాని చుట్టూ తిరుగుతుంది. పిల్లి అలా కాదు. వేటాడే జంతువే అయినా, తనకంటే పెద్ద జంతువులకు తానూ ఆహారమయ్యే చిన్న ప్రాణి కనుక నొప్పి వస్తే కుక్కిన పేనులా ఒక మూలకు చేరుతుంది. అరుపులో కనిపించని బాధ ముఖంలో కనిపిస్తుంది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పశువైద్య నిపుణులు ఈ ముఖకవళికలను పరిశీలించి, నొప్పిని అంచనా వేసే ఒక కొలమానాన్ని 2019లో ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల ఉన్న ఎత్తు అనే అయిదింటినీ చూసి ఒక్కొక్క దానికి సున్నా, ఒకటి, రెండు మార్కుల్లో ఏదో ఒకటి వేస్తారు. మొత్తం పదికి నాలుగు లేదా అంతకు మించి వస్తే నొప్పి తగ్గించే చికిత్స గురించి ఆలోచించాలన్నది ఆ కొలమానం చెప్పే మాట. పాఠశాల మార్కుల వంటివి కావివి. ఇక్కడ ఎక్కువ వస్తే చెడు.

చెవుల నుంచే మొదలు

ఫోటో చూడగానే మొదట చెవులను గమనించాలి. ప్రశాంతంగా ఉన్న పిల్లి చెవులు ముందుకు తిరిగి, నిటారుగా, పెద్దగా బిగువు లేకుండా ఉంటాయి. నొప్పితో ఉన్నప్పుడు రెండు చెవులూ ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. కొనల మధ్య ఎడం పెరిగి, చెవి డొప్పలు పక్కలకు తిరుగుతాయి. భయపడిన పిల్లి చెవులు పక్కలకు వాలి, తలకు అతుక్కుపోయినట్లు చదునవుతాయి. కోపంతో ఉన్నదైతే చెవులను వెనక్కు తిప్పుతుంది. ఎదురుగా నిలిచినవారికి చెవి వెనుక భాగం కనిపిస్తుంది. ఆ దశలో చేయి చాపడం మంచిది కాదు.

ఒక్క చెవి మాత్రమే పక్కకు తిరిగి ఉంటే కంగారుపడనక్కరలేదు. పిల్లి రెండు చెవులనూ దేనికదిగా తిప్పగలదు. వంటింట్లో గిన్నె చప్పుడైనా, గోడ మీద బల్లి కదిలినా ఒక చెవి అటు తిరుగుతుంది. వీధి పోరాటాల్లో చెవి చిరిగిన గండుపిల్లులు, సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన గుర్తుగా చెవి కొన కత్తిరించిన పిల్లులు కూడా ఉంటాయి. వాటి విషయంలో చెవి ఆకారాన్ని కాక, మొదలు ఎటు తిరిగిందో చూడవలసి ఉంటుంది.

కంటిపాపను నమ్మవచ్చా?

కళ్ల వద్దనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. కంటిపాప పెద్దదైతే భయమని, గీతలా సన్నబడితే కోపమని ఒక అభిప్రాయం ఉంది. ఇందులో సగమే నిజం. పిల్లి కంటిపాప ముందుగా వెలుతురుకు లొంగుతుంది. మిట్టమధ్యాహ్నం నిలువు గీతలా మారుతుంది, సందెచీకట్లో గుండ్రంగా విచ్చుకుంటుంది. భయం, నొప్పి, చివరకు ఆటలో ఉత్సాహం కూడా దానిని పెద్దది చేస్తాయి. కాబట్టి చీకటి గదిలో తీసిన ఫోటోలో పెద్ద కంటిపాపకు అర్థమే లేదు. ఫ్లాష్ వాడిన ఫోటో మరీ పనికిరాదు. కంటిపాప కుంచించుకునేలోగానే ఫ్లాష్ వెలిగి ఆరిపోతుంది. కంటి వెనుక అద్దం వంటి పొర నుంచి ఆ వెలుగు తిరిగి వచ్చి కళ్లు పచ్చగా నిప్పుకణికల్లా మెరుస్తాయి. అది కోపం కాదు, కెమెరా చేసిన పని. మంచి పగటి వెలుతురులో, ఆటలో లేని పిల్లికి కంటిపాపలు పెద్దవిగానే నిలిచిపోతే మాత్రం అది పట్టించుకోవలసిన సంగతి. రెండు కంటిపాపలు ఒకే కొలతలో లేకపోతే ఫోటోతో సరిపెట్టక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాల్సిందే.

ఇక సగం మూసిన కన్ను. నమ్మకమున్న మనిషి ఎదుట పిల్లి నెమ్మదిగా కళ్లు సగం మూసి తెరుస్తుంది. ఇంట్లోని వారు అలాగే నెమ్మదిగా రెప్పలార్పితే పిల్లులు కూడా అలాగే బదులిస్తున్నాయని బ్రిటన్‌లోని ససెక్స్, పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో వెల్లడించారు. చిక్కంతా ఎక్కడంటే, ఈ ప్రేమ చూపూ, నొప్పితో చిట్లించిన కన్నూ ఫోటోలో ఒకేలా పడతాయి. అందుకే కన్ను ఒక్కదానితో తీర్పు చెప్పరాదు. చిట్లించిన కంటికి తోడు చెవులు ఎడంగా జరిగి, మూతి బిగుసుకుని, మీసాలు వంపు పోయి తిన్నగా ముందుకు నిలిచి ఉంటే అది నొప్పి. అదే కన్ను, ముందుకు తిరిగిన చెవులతో, గుండ్రని మెత్తని మూతితో, కిందికి వంగిన మీసాలతో కనిపిస్తే అది హాయి. అయిదు సెకన్ల తేడాతో మూడు ఫోటోలు తీస్తే సంగతి ఇంకా తేలిక. రెప్పపాటైతే ఒకదానిలో కనిపించి మరొకదానిలో పోతుంది. నొప్పి మూడింటిలోనూ నిలిచి ఉంటుంది.

తోక చెప్పేది కొంతే

నొప్పి కొలమానంలో తోకకు మార్కులు లేవు. మనోస్థితి తెలుసుకోవడానికి మాత్రం అది పనికివస్తుంది. తోక జెండాకర్రలా పైకెత్తి, కొనను కొద్దిగా వంచి ఎదురొచ్చిన పిల్లి స్నేహంగా పలకరిస్తున్నట్లే. వెంట్రుకలు నిక్కబొడిచి తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బితే బెదిరినట్లు. విసుగెత్తిన పిల్లి తోకను అటూ ఇటూ కొడుతుంది కానీ అది నిలిచిన ఫోటోలో తెలియదు, మహా అయితే తోక మసకగా పడుతుంది. కాళ్ల చుట్టూ తోక చుట్టుకుని కూర్చోవడానికి చలి కూడా కారణం కావచ్చు. ఒళ్లంతా కుంచించి, మోచేతులు బయటకు పొడుచుకువచ్చి, తోకను ఒంటికి బిగించి ఉంటే అప్పుడు అనుమానించాలి.

ఒక ఫోటోను పరిశీలిస్తే..

వైద్యులకు తరచుగా ఎదురయ్యే ఫోటో ఒకటి ఇలా ఉంటుందనుకుందాం. నాలుగేళ్ల గండుపిల్లి అరుగు మీద నాలుగు కాళ్లూ కిందికి ముడుచుకుని కూర్చుంది. ఇంట్లోవారు కునుకు తీస్తున్నదనుకున్నారు. చెవి డొప్పలు రెండూ పక్కలకు తిరిగి ఉన్నాయి కనుక రెండు మార్కులు. కళ్లు సగం మూసి ఉన్నాయి, ఒకటి. మూతి కొద్దిగా బిగిసింది, ఒకటి. మీసాలు వంపు తగ్గి తిన్నగా ఉన్నాయి, ఒకటి. తల భుజాల వరుసలోనే ఉంది, పైకి లేవలేదు, ఒకటి. మొత్తం ఆరు. నడుము విల్లులా వంగింది, తోక ఒంటికి బిగిసింది. ఇది కునుకు కాదు.

ఫోటో చెప్పగలిగింది నొప్పి ఉన్నదన్నంత వరకే. ఎక్కడ, ఎందుకు అన్నది ఇంట్లోవారిని అడిగి తెలుసుకోవాలి. గండుపిల్లి అయితే వైద్యుడు వేసే మొదటి ప్రశ్న, మూత్రం ఎప్పుడు పోసిందని. ఇసుక కుప్ప వద్దకు పదేపదే వెళ్లి ముక్కుతున్నది, చుక్క కూడా రావడం లేదు, వెనుక భాగాన్ని అదే పనిగా నాకుతున్నది అన్న సమాధానం వస్తే మూత్రం బిగిసినట్లు అనుమానించాలి. మగపిల్లిలో మూత్రనాళం చాలా సన్నం. సన్నని ఇసుక వంటి రవ్వలు, జిగురు పదార్థం చేరితే మూసుకుపోతుంది. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మత్తు ఇచ్చి సన్నని గొట్టం ద్వారా అడ్డు తొలగించడమే చికిత్స. ముక్కడాన్ని చూసి మలబద్ధకమని ఆముదం పట్టించి, తెల్లవారాక చూద్దామని ఆగితే విలువైన రాత్రి కరిగిపోతుంది. గట్టిపడిన పొట్టను నొక్కి చూడడం అంతకంటే ప్రమాదం.

నొప్పి ఉన్నదని తెలిసిన వెంటనే ఇంట్లోని పారాసిటమాల్ మాత్రను పాలలో కలిపి పట్టించేవారు లేకపోలేదు. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరుతుంది, చిగుళ్లు గోధుమరంగుకు లేదా నీలానికి తిరుగుతాయి. మనుషులకు ఇచ్చే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే పిల్లిని చంపగలదు.

ఫోటో తీసే పద్ధతి

నిలబడి పైనుంచి తీసిన ఫోటో మోసం చేస్తుంది. పై నుంచి చూస్తే తల అసలు కంటే కిందికి వాలినట్లు, చెవులు అణిగినట్లు కనిపిస్తాయి. నేల మీద కూర్చుని పిల్లి కంటి ఎత్తుకు ఫోన్ తెచ్చి, రెండు మీటర్ల దూరం నుంచి తీయాలి. కిటికీ వెలుగు చాలు, ఎదురెండ వద్దు. ఎండ ముఖాన కొడితే ఏ పిల్లైనా కళ్లు చిట్లిస్తుంది. పేరు పెట్టి పిలవడం, వేళ్లు చిటికె వేయడం కూడదు. అలా చేస్తే చెవులు రిక్కిస్తుంది, అసలు స్థితి చెదిరిపోతుంది. తింటున్నప్పుడు, ఒళ్లు నాకుతున్నప్పుడు, అరుస్తున్నప్పుడు, నిజంగా నిద్రిస్తున్నప్పుడు తీసిన వాటికి మార్కులు వేయరాదు. అయిదారు తీస్తే మొదటిదే ఎక్కువ నమ్మదగినది. ఫోన్ దగ్గరకు వచ్చేకొద్దీ పిల్లిలో బెదురు పెరుగుతుంది. ఆ బెదురు నొప్పిలా కనిపించే ప్రమాదం ఉంది. ఆరోగ్యంగా ఉన్న రోజున తీసిన ఫోటో ఒకటి దాచుకుంటే పక్కన పెట్టి పోల్చడానికి వీలవుతుంది. కొన్ని పిల్లుల ముఖం పుట్టుకతోనే ముడుచుకున్నట్లు ఉంటుంది మరి.

పసిపిల్లలు పిల్లిని గట్టిగా కౌగిలించుకున్న ఫోటోలు ముచ్చటగా తీసి బంధువులకు పంపడం పరిపాటి. వాటిలో పిల్లి చెవులను ఒకసారి చూడడం మంచిది. చదునుగా అణిగిన చెవులు, పగటివేళ కూడా విచ్చుకున్న కంటిపాపలు, పక్కకు తప్పించుకునే ముఖం కనిపిస్తే అది తప్పించుకునే దారి లేక ఆగింది, తర్వాతి క్షణంలో గీరవచ్చు, కరవవచ్చు. గాయమైతే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా కోసం చూపించాలి. పిల్లి కాటుకూ ఆ జాగ్రత్త తప్పదు.

వైద్యునికి ఫోటో పంపేటప్పుడు పిల్లి ఆడదా మగదా, వయసెంత, చివరిసారి ఎప్పుడు తిన్నది, మూత్రం ఎప్పుడు పోసింది, ఏ మందైనా పట్టించారా అన్నవి రాసి పంపాలి. మార్కులు నాలుగుకు తక్కువైనా తిండి మానేసి ఒక రోజు దాటితే ఆగకూడదు. వైద్యశాలకు తీసుకువెళ్లేటప్పుడు బుట్టలో పాత చీర ముక్క పరచి, పైన గుడ్డ కప్పితే దారి పొడవునా బెదురు తగ్గుతుంది, బల్ల మీద దించాక చెవులు, కళ్లు చూసి అది భయమో నొప్పో వేరు చేయడం వైద్యునికి సులువవుతుంది.