అయిదు వందలు ఎటు పోయాయి?

హాస్టల్లో ఉండే అమ్మాయి వాలెట్ యాప్‌లో 1,000 రూపాయలున్నాయి. ఆమె క్యాంటీన్‌లో 200 కట్టిన క్షణంలోనే ఊరి నుంచి నాన్న 500 వేశాడు. మిగలాల్సింది 1,300. యాప్ 800 చూపిస్తోంది. చిత్రమేమిటంటే, లావాదేవీల జాబితాలో రెండూ ఉన్నాయి, ఏదీ ఫెయిల్ కాలేదు.

నిల్వ మార్చడమంటే మనకు ఒక్క పని. సర్వర్‌కు మూడు: పాత అంకె చదవడం, లెక్క కట్టడం, కొత్త అంకె రాయడం. క్యాంటీన్ చెల్లింపు 1,000 చదివింది. అది ఇంకా రాయకముందే నాన్న జమ కూడా ఆ 1,000నే చదివింది. జమ 1,500 రాసింది. వెనకే చెల్లింపు, తన దగ్గరున్న పాత అంకెలోంచి 200 తీసేసి, దాని మీదే 800 రాసేసింది. చివర రాసింది జమ అయ్యుంటే 1,500 మిగిలేది, అమ్మాయికి భోజనం ఉచితం! ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయే ఈ లోపాన్నే రేస్ కండిషన్ అంటారు.

చదవడానికీ రాయడానికీ మధ్య వ్యవధి కొన్ని మిల్లీసెకన్లే. అందుకే పరీక్షల్లో దొరకదు, రద్దీ పెరిగాక ఎప్పుడో బయటపడుతుంది. కారణం వెతకడానికి ప్రోగ్రామ్‌లో అదనంగా రెండు లైన్లు పెడితే, ఆ కాస్త ఆలస్యానికే మాయమైపోవచ్చు కూడా. ఆనవాలు ఒక్కటే: జాబితాలోని జమలూ ఖర్చులూ మొదటి నుంచి కూడితే వచ్చే మొత్తానికీ, నిల్వగా రాసి ఉన్న అంకెకూ పొంతన కుదరదు.

దీన్ని కావాలని వాడుకునేవాళ్లూ ఉన్నారు. 2014లో ఫ్లెక్స్‌కాయిన్ అనే బిట్‌కాయిన్ సంస్థలో దొంగలు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు వేలకొద్దీ బదిలీలు ఒకేసారి పంపారు. నిల్వ తగ్గేలోపే ఒకే డబ్బు పదేపదే కదిలింది. 896 బిట్‌కాయిన్లు పోయి, సంస్థ మూతపడింది.

మందు పెద్దదేం కాదు. లెక్క యాప్‌లో కట్టి అంకె పంపకుండా, తీసివేత డేటాబేస్‌కే అప్పగించాలి:

```
UPDATE wallet
SET balance = balance - 200
WHERE id = 7 AND balance >= 200;
```

ఇది నడుస్తున్నంతసేపూ డేటాబేస్ ఆ వరుసకు తాళం వేస్తుంది. రెండోది ఆగి, తాళం తీశాక తాజా అంకె మీదే పని చేస్తుంది. నిల్వ చాలకపోతే ఏ వరుసా మారదు, అది చూసి యాప్ చెల్లింపును తిప్పికొట్టాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు: ట్రాన్సాక్షన్‌లో పెట్టాం కదా, ఇక భయం లేదనుకుంటారు. పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగ్‌లో, ముందు చదివి తర్వాత రాసే పద్ధతిలో ట్రాన్సాక్షన్ ఉన్నా ఈ తప్పు జరుగుతుంది. పైగా నిల్వను ముట్టుకునే ప్రతి చోటా మార్పు చేయాలి. రాత్రిళ్లు క్యాష్‌బ్యాక్ జమచేసే పాత స్క్రిప్ట్ తరచూ అందరి కళ్లూ గప్పుతుంది.