5,500 పెట్టిన టికెట్‌కు 600 వెనక్కి: మధ్యలో ఏమైంది?

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒకరికి విమానం టికెట్. బుకింగ్ యాప్‌లో మొత్తం 5,500 రూపాయలు కట్టారు. ప్రయాణానికి రెండు రోజుల ముందు పని వాయిదా పడి టికెట్ రద్దు చేసుకున్నారు. ఖాతాలో పడింది 600. టికెట్ కొన్నప్పుడు తెర మీద ‘ఛార్జీ 4,000, పన్నులు, ఫీజులు 1,500’ అని కనిపించింది. ఛార్జీ పోయినా ఆ 1,500 అయినా రావాలి కదా అన్నది ప్రయాణికుడి లెక్క. లెక్క తేలాలంటే ఆ 1,500ను విప్పి చూడాలి. ఇక్కడి అంకెలు వివరించడానికి వేసుకున్నవి. ఎయిర్‌లైన్‌ను, విమానాశ్రయాన్ని బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం ఇదే.

ముందు ఆ 4,000 సంగతి. ఇది బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జి కలిసిన మొత్తం. రద్దు ఛార్జీ 4,300 అని ఎయిర్‌లైన్ పట్టికలో ఉందనుకుందాం. అయినా అంత పట్టుకోవడానికి లేదు. రద్దు ఛార్జీ ఏ పరిస్థితిలోనూ బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జిల మొత్తాన్ని దాటకూడదని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, నిబంధన పెట్టింది. కాబట్టి ఎయిర్‌లైన్ 4,000 దగ్గర ఆగాలి. చౌక టికెట్ రద్దు చేస్తే ఛార్జీ మొత్తం పోవడానికి కారణం ఇదే. రద్దు రుసుము టికెట్ ధరను బట్టి తగ్గదు, పరిమితి దగ్గర మాత్రమే ఆగుతుంది.

ఇక 1,500లో మొదటిది జీఎస్టీ 200. ఎకానమీ టికెట్‌పై 5 శాతం. ప్రభుత్వ పన్ను కాబట్టి వెనక్కి రావాలనిపిస్తుంది. కానీ రద్దు ఛార్జీ మీద కూడా అసలు సేవకు వర్తించే రేటుతోనే జీఎస్టీ పడుతుందని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. 4,000 రద్దు ఛార్జీపై 5 శాతం అంటే మళ్లీ అదే 200. అందుకే అది చేతికి రాదు. ఎయిర్‌లైన్ 3,000 మాత్రమే పట్టుకుని ఉంటే మిగిలిన 1,000తో పాటు దాని మీది 50 కూడా వచ్చేది.

తర్వాతవి విమానాశ్రయ వినియోగ రుసుము యూడీఎఫ్ 700, భద్రతా రుసుము ఏఎస్ఎఫ్ 200. మొత్తం 900. దేశీయ ప్రయాణాలకు ఏఎస్ఎఫ్ 2021 ఏప్రిల్ నుంచి 200గా ఉంది. ఇవి ఎయిర్‌లైన్ సంపాదన కావు. విమానాశ్రయం, భద్రత కోసం ప్రయాణికుడి దగ్గర వసూలు చేసి అందించే డబ్బు. మీరు విమానం ఎక్కకపోతే ఆ డబ్బు పట్టుకోవడానికి కారణమే లేదు. బేస్ ఫేర్ వాపసు ఇవ్వని ఆఫర్ టికెట్లకూ, చెప్పకుండా ప్రయాణం మానేసిన వారికీ ఇవి తిరిగివ్వాలని డీజీసీఏ నిబంధన స్పష్టంగా చెబుతోంది. టికెట్ ఎలాగూ పోయిందని ఊరుకుని ఈ డబ్బు వదిలేసేవారున్నారు. అడగండి, అది మీది.

మిగిలిన 400 కన్వీనియెన్స్ ఫీజు. బుకింగ్ చేసిపెట్టినందుకు తీసుకునేది కాబట్టి రద్దు చేసినా వెనక్కి ఇవ్వబోమంటారు. ఇది చాలాచోట్ల ఒక్కో ప్రయాణికుడికి, ఒక్కో వైపు ప్రయాణానికి విడిగా పడుతుంది. నలుగురి కుటుంబం రానుపోను బుక్ చేస్తే ఎనిమిది సార్లు, అంటే 3,200. ‘పన్నులు, ఫీజులు’ అని ఒకే వరుసలో చూపడం వల్ల ఇది కూడా పన్నేనని జనం పొరబడుతున్నారు. ఇలా కలిపి చూపడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. విదేశీ టికెట్లలో ఇలాంటి పొరపాటుకే తావిచ్చేవి YQ, YR కోడ్‌లు. పన్నుల వరుసలో కనిపించినా అవి ఎయిర్‌లైన్ వేసుకునే సర్‌ఛార్జీలు, వాపసు ఫేర్ రూల్స్‌ను బట్టే ఉంటుంది.

సరే, ఎయిర్‌లైన్ 900 వెనక్కిచ్చింది. చేతికి 600 ఎందుకు వచ్చింది? బుకింగ్ యాప్ తన రద్దు సేవా రుసుముగా 300 తీసుకుంది. వాపసు ప్రాసెస్ చేసినందుకు ఎయిర్‌లైన్ అదనంగా వసూలు చేయకూడదు. యాప్ మాత్రం తన షరతుల ప్రకారం తీసుకుంటుంది. కూపన్ వాడి ఉంటే కొన్ని యాప్‌లు ఆ తగ్గింపును కూడా వాపసులోంచి కోస్తాయి.

కోత ఎవరు కోశారో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. పీఎన్‌ఆర్ చెప్పి, బుకింగ్ యాప్‌కు ఎంత వాపసు ఇచ్చారో ఎయిర్‌లైన్‌నే అడగండి. ఆ అంకె ఈ-టికెట్‌లో ఉన్న యూడీఎఫ్, ఏఎస్ఎఫ్‌ల మొత్తం కంటే తక్కువైతే తప్పు ఎయిర్‌లైన్‌ది. సరిపోయి, మీకు తక్కువ చేరితే యాప్‌ను నిలదీయాలి. వాపసును నగదుగా కాక క్రెడిట్ షెల్‌లో ఉంచుతామంటే ఒప్పుకోవాల్సిన పని లేదు, ఆ ఎంపిక ప్రయాణికుడిదే. జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫిర్యాదు చేయవచ్చు.