గీత దాటిన ఇంజిన్ ఆయిల్

కారు ఆపీ ఆపగానే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తక్కువ కనిపిస్తుంది. కొంత ఆయిల్ ఇంకా పైభాగాల్లోనే ఉంటుంది కదా! అది చూసి లీటరు పోసేస్తే, కాసేపటికి మట్టం పై గీత దాటేస్తుంది. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు లీటరే.

మట్టం బాగా పెరిగితే తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను తాకి, మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది. నురగలోని గాలి వల్ల బేరింగులకు సరైన ఆయిల్ పొర అందదు. సీళ్ల దగ్గర కారవచ్చు, సైలెన్సర్ నుంచి నీలిపొగ రావచ్చు.

గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు పైన ఉంటే కంగారక్కర్లేదు. సెంటీమీటరు దాటితే మాత్రం బండి నడపకండి. చదునైన చోట ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి మళ్లీ చూడండి. డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నటి ట్యూబు దింపి, పెద్ద సిరంజితో కొద్దికొద్దిగా లాగుతూ కొలవండి. కింది డ్రెయిన్ బోల్టు విప్పడం మెకానిక్‌కే వదిలేయండి. వేడి ఆయిల్ చేయి కాలుస్తుంది.

పోయకుండానే మట్టం పెరిగితే డీజిల్ కలిసి ఉండవచ్చు. అప్పుడు తీయడం చాలదు, ఆయిల్ మార్చి కారణం వెతికించాలి.